నాపరాళ్ళ గదిలో పాఠం

మిరపకోతలు మొదలయ్యాయంటే మా క్లాసు పలచబడుతుంది. నరసరావుపేటలో నేను ఎకనామిక్స్ చెప్పే కాలేజీకి మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చే పిల్లలు కొందరు ఇంటివాళ్ళతో పాటు చేలోకి వెళ్ళిపోతారు. పాఠాలు వీడియో తీయడం వాళ్ళ కోసమే. అయితే వాళ్ళు వీడియో చూసేది తక్కువ, వినేది ఎక్కువ. చెవిలో ఇయర్‌ఫోను, చేతులేమో కాయల మీద. "బొమ్మ మసగ్గా ఉన్నా పర్లేదు మేడమ్, మాట తెలిస్తే చాలు" అంది ఒకమ్మాయి.

కాబట్టి మొదట మాట సంగతి. మా గదిలో కింద నాపరాళ్ళు, చుట్టూ ఉత్త గోడలు. ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక కూడా గుయ్యిమని తోక మిగిలితే అది మా గదిలాంటిదే. వెనక బెంచీల దగ్గర, 20 అడుగుల దూరంలో కెమెరా పెడితే దాని మైకుకి నా గొంతు నేరుగా చేరేది కొంచెమే. గోడల్నీ నేలనీ కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే గుహలోంచి మాట్లాడినట్టుంటుంది. దీనికి ఖరీదైన కెమెరా మందు కాదు, దూరం తగ్గించాలి. అదే మైకు నోటికి 8 అంగుళాల్లో ఉంటే దూరం 30 వంతులు తగ్గినట్టు. గొంతు దాదాపు 30 డెసిబెల్స్ పెరుగుతుంది, ప్రతిధ్వని ఉన్నచోటే ఉంటుంది.

గడ్డానికి జానెడు కింద కాలర్ మైకు పెట్టుకుంటే ఆ దూరం వస్తుంది. చొక్కా వేసుకునేవాళ్ళకి సులువే. చీరలో పైట అంచుకి పెడితే, చెయ్యెత్తి బోర్డు మీద రాసిన ప్రతిసారీ బట్ట రాపిడి వినిపిస్తుంది. నేను జాకెట్టు మెడ అంచుకి పెట్టి, పైట దానికి తగలకుండా పిన్ను పెడతాను. వైరు ఒక చుట్టు చుట్టి క్లిప్పులో బిగిస్తే లాగినప్పుడు టక్కుమనదు. రికార్డు చేసే ఫోను నడుముకి కట్టుకున్న చిన్న సంచీలో, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఆ రోజు ఎంత గట్టిగా మాట్లాడతానో అంత గట్టిగా ఒక వాక్యం చెప్పి మీటరు చూస్తాను. మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సున్నాని తాకితే మాట పగిలిపోతుంది, తర్వాత ఏం చేసినా అతకదు. కాస్త తక్కువుంటే పెంచుకోవచ్చు.

ఫ్యాన్లన్నీ ఆపెయ్యమని చెప్పేవాళ్ళు రెంటచింతల ఎండ ఎరగనివాళ్ళు. నా నెత్తి మీద ఫ్యాను ఒక్కటి ఆపి మిగతావి తిరగనిస్తాం, మైకుకి స్పాంజి టోపీ పెడతాం. మైకు దగ్గరగా ఉంది కనుక సరిపోతుంది.

ఇక స్లైడ్లు. ప్రొజెక్టరు తెరని కెమెరాతో తీస్తే అక్షరాలు వెలిసిపోతాయి. లాప్‌టాప్‌లోనే OBS Studio తో తెరని రికార్డు చేస్తే అచ్చులా వస్తాయి. కానీ లేజర్ పాయింటర్ చుక్క పడేది గోడ మీది తెరపైనే, ఫైల్లో ఉండదు. "ఈ గీత ఇక్కడ ఈ గీతని కోస్తుంది చూడండి" అంటే ఇంటి దగ్గర పిల్లకి ఏ గీతా కనపడదు. మౌస్‌తో చూపించాలి, నోటితో కూడా చెప్పాలి: "డిమాండ్ రేఖ సప్లై రేఖని 40 రూపాయల దగ్గర కోసింది." చేలో వినేవాళ్ళకి ఆ రెండోదే దిక్కు. ఇంకొకటి, రికార్డింగు MKV లో పెట్టుకోవాలి. మామూలు MP4 కి విషయసూచిక చివర్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ ఆగితే గంట పాఠం తెరుచుకోకుండా పోవచ్చు. MKV అయితే అప్పటిదాకా తీసింది దక్కుతుంది. తర్వాత Remux Recordings నొక్కి MP4 చేసుకోవచ్చు.

కెమెరాకి మిగిలిన పని నా ముఖం, నల్లబల్ల. కిటికీ దాని వెనక ఉండాలి, ఎదురుగా ఉంటే నేను నీడబొమ్మనవుతాను. ఎక్స్‌పోజరు లాక్ చేస్తాం, లేకపోతే నేను ప్రొజెక్టరు వెలుగుకి అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ వెలిగి ఆరుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 పెడితే ట్యూబులైటు చారలు పాకవు.

మాట ఒక ఫోన్లో, స్లైడ్లు లాప్‌టాప్‌లో, ముఖం కెమెరాలో. మూడింటినీ కలిపేది ఒక చప్పట్ల దెబ్బ. అది తెర మీద రికార్డు కాదు కాబట్టి లాప్‌టాప్ సొంత మైకు కూడా ఆన్‌లో ఉంచుతాం. చివర్లో ఇంకోసారి కొడతాం. మొదటి దెబ్బ కలిసి రెండోది కలవలేదంటే, ఆ గంటలో ఏదో ఒక గడియారం జారిందన్నమాట.

ఇంతా చేశాక కాలర్ మైకుకి ఒక గుణం ఉంది: నా గొంతు తప్ప ఇంకెవరిదీ సరిగా పట్టదు. మూడో బెంచీలోంచి ఎవరో అడుగుతారు, నేను "కాదు, అప్పుడు ధర పెరుగుతుంది" అంటాను. వినేవాళ్ళకి జవాబుంది, ప్రశ్న లేదు. అందుకని ప్రతి ప్రశ్ననీ నా నోటితో మళ్ళీ చెప్పి అప్పుడు జవాబిస్తాను: "పంటంతా ఒకేసారి అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెడితే ధర ఇంకా తగ్గుతుందా అని అడుగుతున్నాడు." ఎదురుగా ఉన్న పిల్లలు మొదట్లో నవ్వారు. ఇప్పుడు నేను మర్చిపోతే వాళ్ళే గుర్తుచేస్తున్నారు: "మేడమ్, ప్రశ్న చెప్పలేదు, వాళ్ళకి వినపడదు."