కోశాధికారి నివేదిక

మా ట్రస్టు సర్వసభ్య సమావేశం ఈ ఏడాది ఏప్రిల్ నెలలో ప్రొద్దుటూరులో జరిగినది. కోశాధికారిగా నేను నివేదిక చదువుట అది రెండవసారి. 2026 మార్చి 31 నాటికి బ్యాంకు నిల్వ తొమ్మిది లక్షల రూపాయలని చదివి, పులివెందులలోని మా పఠన గది కప్పు బాగుచేయుటకు లక్షా పదివేలు కావలసియున్నా ప్రస్తుతం అంత మొత్తం ఇవ్వలేమని చెప్పి కూర్చున్నాను. నేను కూర్చున్నానో లేదో, జమ్మలమడుగు నుండి వచ్చిన ఒక పెద్దాయన లేచారు.

"ఖజాంచీ సాబ్, తొమ్మిది లక్షలు బ్యాంకులో పెట్టుకొని, పిల్లలు కూర్చునే గది కప్పుకు లక్ష లేదంటారేమి? పైగా పోయిన సంవత్సరం ఎనిమిది లక్షలకు పైగా వచ్చిన చందా ఈసారి అయిదున్నర లక్షలకు దిగింది. జనం ఇవ్వడం మానినారా, లేక మీరు అడగడం మానినారా?"

ఆయన ప్రశ్నలో కోపం లేదు. కాని సభలో కొందరి చూపులు నావైపు తిరిగినవి. ఆ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పుటకు నాకు గంట పట్టినది. ఆ గంట మాటలనే మన కళాశాల విద్యార్థుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను. అంకెలను మాత్రం సౌలభ్యం కొరకు గుండ్రంగా ఇస్తున్నాను.

మొదట రెండవ ప్రశ్న. మాకు వచ్చే విరాళాలలో అధిక భాగం రంజాన్ నెలలోనే వస్తుంది. అందులోనూ చివరి పది రోజులలోనే చేయి విప్పేవారు ఎక్కువ. లెక్కల సంవత్సరమేమో ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి ముప్పై ఒకటిన ముగుస్తుంది. చాంద్రమాన సంవత్సరానికి రోజులు సుమారు 354. కనుక రంజాన్ ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ఒక్కొక్కప్పుడు సరిగా మార్చి, ఏప్రిల్ నెలల సరిహద్దుపైకి వచ్చి నిలుస్తుంది. 2024లో మన దేశంలో మొదటి రోజా మార్చి 12న, ఈద్ ఏప్రిల్ 11న వచ్చినవి. అనగా ఏప్రిల్ ఒకటి నాటికి ఇరవై ఒకటవ రోజా. నెలలో ఇరవై రోజులు పాత లెక్కలోకి పోయి, విరాళాలు ముమ్మరంగా వచ్చే చివరి పది రోజులు కొత్త లెక్కలోకి వచ్చినవి. ఆపై 2025లో రంజాన్ మార్చి 2న మొదలై, ఈద్ మార్చి 31న, సరిగా లెక్క మూసే దినాననే వచ్చినది. కాబట్టి 2024-25 సంవత్సరపు ఆదాయంలో ఒక రంజాన్ చివరి పది రోజులు, మరొక రంజాన్ మొత్తం చేరినవి.

ఇక అంకెలలో చూడండి. 2024 రంజాన్‌లో మాకు వచ్చినది అయిదు లక్షలు. అందులో మూడు లక్షలు ఏప్రిల్ నెలలోనివి. 2025 రంజాన్‌లో అయిదు లక్షల ఇరవై వేలు. ఈ మూడూ ఆ అయిదూ కలిసి 2024-25 ఆదాయం ఎనిమిది లక్షల ఇరవై వేలైనది. 2026లో రంజాన్ ఫిబ్రవరి 19న మొదలైనది, ఈద్ మార్చి 21న జరిగినది. వచ్చినది అయిదు లక్షల నలభై వేలు, అంతా 2025-26లోనే. జమాఖర్చుల పట్టిక చూచినవారికి ఆదాయం రెండు లక్షల ఎనభై వేలు పడిపోయినట్లు కనబడుతుంది. దాతలు మాత్రం ఏటేటా ఇరవై వేలు ఎక్కువే ఇచ్చినారు.

ఆడిటరు ఈ సంగతి చెప్పడు; ఆయన దృష్టిలో పట్టిక సక్రమమే. రసీదు పుస్తకం తీసి, తేదీల ప్రక్కన హిజ్రీ తేదీలు వ్రాసుకొని, రంజాన్‌ను రంజాన్‌తో పోల్చి చూచినప్పుడే ఇది బయటపడుతుంది. ఆ పని నేను 2025లో చేయలేదు. అప్పటి సభలో "ఆదాయం గణనీయంగా పెరిగినది" అని గర్వంగా చదివినాను. ఆ మాట నమ్మి కార్యవర్గం పులివెందులలో గది అద్దెకు తీసుకొని, ఒక ఉపాధ్యాయురాలిని నియమించినది. నేడు కప్పు కారుతున్న గది అదే. ఈ తప్పు నాదేనని సభలో ఒప్పుకున్నాను.

అన్నట్టు, ఆ సంవత్సరం మరొక చిక్కు కూడ వచ్చినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ధర్మసంస్థ తన ఆదాయంలో నూటికి ఎనభై అయిదు వంతులు ఆ సంవత్సరంలోనే ధర్మకార్యాలకు వినియోగించవలసి ఉండెను. పండుగనాడు చేతికి వచ్చిన సొమ్మును ఆ రాత్రికే ఎట్లు వినియోగించగలం? తరువాతి సంవత్సరంలో వినియోగిస్తామని 9ఏ ఫారం గడువులోగా దాఖలు చేసి బయటపడినాము.

ఇక తొమ్మిది లక్షల సంగతి. సొమ్మంతా ఒకే బ్యాంకులో ఉన్నంత మాత్రాన అది ఒకే సొమ్ము కాదు. అందులో మూడున్నర లక్షలు మూలనిధి. అంగడి గది కట్టించి, దాని బాడుగ మాత్రమే ఖర్చు చేయవలెనని దాత వ్రాతపూర్వకంగా కోరి ఇచ్చినది. రెండు లక్షలు ఇంకా పంచవలసిన జకాత్. జకాత్ ఎవరికి చెందవలెనో ఖురాన్‌లో ఎనిమిది తెగలుగా చెప్పబడినది. అది అర్హుని చేతికి అతని సొంతంగా అందవలెనని మన ఉలమాలు సాధారణంగా చెప్పుచున్నారు. గది కప్పు ఎవరి చేతికీ అందదు. లక్షా యాభై వేలు విద్యార్థులకు ఇప్పటికే మంజూరు చేసిన ఫీజుల రెండవ కంతు. ఉత్తరాలు పంపినాము, చెల్లింపు మాత్రమే మిగిలినది. ఇవి పోగా సాధారణ నిధి రెండు లక్షలు.

"ఆ రెండు లక్షలలో లక్ష ఇవ్వరాదా?" అన్నారు పెద్దాయన.

"చాచా, మళ్లీ రంజాన్ ఎప్పుడు?" అని అడిగినాను.

వచ్చే రంజాన్ 2027 ఫిబ్రవరి రెండవ వారం ప్రాంతంలో మొదలవుతుంది. చందాలు గట్టిగా అందేసరికి ఆ నెలాఖరు దాటుతుంది. అంతవరకు పదకొండు నెలలు గడవవలెను. మా గదుల అద్దెలు, జీతాలు, విద్యుత్తు కలిపి నెలకు ఇరవై వేలు. ప్రొద్దుటూరులో మాకున్న ఒక అంగడి గది బాడుగ నెలకు ఎనిమిది వేలు వస్తుంది. లోటు నెలకు పన్నెండు వేలు, పదకొండు నెలలకు లక్షా ముప్పై రెండు వేలు. రెండు లక్షలలో అది తీసివేయగా మిగిలేది అరవై ఎనిమిది వేలు. నిజముగా మన చేతిలో ఉన్న స్వేచ్ఛా ధనం అంతే. అంతకు మించి ఖర్చు చేసినచో డిసెంబరులో జీతాలకు జకాత్ సొమ్మును తాత్కాలికంగా వాడుకుందామని ఎవరో ఒకరు అంటారు. అప్పుగా తీసినది రంజాన్ వరకు తీరదు. ఈలోగా దానికి హక్కుదారు గుమ్మంలో నిలబడతాడు.

ఇదంతా నల్లబల్లపై వ్రాసి చూపినాను. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అను మాటలు ఉర్దూ పత్రికలోనూ తెలుగు పత్రికలోనూ ఒక్కటే గనుక రెండు భాషలవారికీ ఒకే పట్టిక చాలినది.

సభ రెండు తీర్మానాలు చేసినది. సాధారణ నిధి నుండి కప్పుకు అరవై అయిదు వేలు మంజూరు. మిగిలిన నలభై అయిదు వేలకు, అది జకాత్ కాదని రసీదుపై ముద్రించి, ప్రత్యేక విరాళాలు వసూలు చేయుట. ఇకమీదట నివేదికలో బ్యాంకు నిల్వను నాలుగు నిధులుగా విడదీసి, విరాళాలను హిజ్రీ సంవత్సరం ప్రకారం కూడ చూపవలెనన్నది రెండవది. ముద్రణ కొరకు ఆగక ఒక పాత రసీదు పుస్తకంపై చేతితోనే "కప్పు నిధి, జకాత్ కాదు" అని వ్రాసి, సభ ముగియకముందే వసూలు మొదలుపెట్టినాము. మొదటి రసీదు జమ్మలమడుగు చాచాది. అయిదు వందల నోటు ఇస్తూ, "ఈ లెక్క పోయిన సంవత్సరమే చెప్పి ఉంటే బాగుండేది" అన్నారాయన.