పొగ కనపడల్ల

కొట్టు పెట్టుకున్నవాళ్ళు బొమ్మ గురించి చెప్పేటప్పుడు మామూలుగా రెండు మాటలే అంటారు: బాగుండాలి, తొందరగా కావాలి. మిగతాదంతా డిజైనర్ నెత్తిన. కమలాపురం నుంచి ఒక టీకొట్టాయన పంపిన చీటీ అలాంటిది కాదు. ఫోన్‌లో ఒక్క ఊపున కొట్టి పంపినట్టుంది. చుక్కలూ కామాలూ నేను పెట్టుకున్నవి, మాటలు ఆయనవే.

“నమస్తే అన్నా. మన కొట్టుకు బ్యానర్ కావల్ల. పొడుగు పదడుగులు, ఎత్తు మూడు. దాంట్లో పెద్ద గ్లాసు ఉండల్ల, కప్పూ సాసరూ వద్దు, ఆ చెట్ల కొండలు అస్సలు వద్దు. టీ పొగలు కక్కతా ఉండల్ల, పొగ కనపడల్ల. కింద మన నాపబండ. ఒక పక్క లారీ నిలబడి ఉండల్ల, తెల్లారుజాము మాదిరి. ఎనకాల పసుపు రంగు ఏస్తే దూరానికి కనపడుతుంది. టీ రంగు మా టీ రంగే రావల్ల. మా నాయన ఫోటో ఒక మూల పెట్టు. లీడర్ల ఫోటోలు వద్దు, రెండు పార్టీలోళ్ళూ నా కాడే తాగుతారు. అల్లం టీ, బెల్లం టీ, బూస్టు, బాదంపాలు, సమోసా, బిస్కెట్లు, బన్ను అన్నీ రాయి.”

చెట్ల కొండలు వద్దన్నందుకే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. నెట్‌లో టీ బొమ్మ కోసం వెతికితే మున్నారు తోటలు, తెల్ల పింగాణీ కప్పు, పక్కన రెండు పచ్చి ఆకులు, కప్పులో పాలు లేని ఎర్ర డికాషను వస్తాయి. కడప నుంచి ఎర్రగుంట్లకు పోయే దారిలో, పాపఘ్ని ఒడ్డున ఉన్న ఊరికి ఆ పచ్చకొండలు ఎక్కడ అతుకుతాయి? అక్కడ ఆగేది సిమెంటు ఫ్యాక్టరీల లారీలు. కూర్చునేది చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చిన నల్లటి నాపబండ మీద. ఆయన చీటీలో ఆ రెండూ ఉన్నాయి. అంటే బొమ్మలో సగం ఆయనే గీసి పంపాడు.

చిక్కు పసుపు దగ్గర వచ్చింది. పొగ కనపడాలన్నాడు, వెనక పసుపు వేయమన్నాడు. ఈ రెండూ ఒక బొమ్మలో ఇమడవు. టీ మీద మనకు కనపడే పొగ నిజానికి సన్నని నీటి తుంపర. వేడి ఆవిరి పైకి లేచి చల్లగాలికి తగిలి తుంపరగా మారినప్పుడే అది కంటికి ఆనుతుంది. దాని రంగు తెలుపు, అదీ పలచటి తెలుపు. లేతరంగు గోడ ముందు అది కరిగిపోతుంది. వెనక చీకటి ఉండాలి, వెలుతురు గ్లాసు వెనక పక్కనుంచి రావాలి. అప్పుడు తుంపర మెరుస్తుంది. పసుపు మీద పొగ పెట్టాలంటే దానికి బూడిదరంగు పూయాలి. పూస్తే గ్లాసులో ఏదో కాలిపోతున్నట్టుంటుంది. ఊళ్ళలో ఇలాంటి బ్యానర్లు చాలానే చూశాను.

పసుపుకు ఇంకో ఇబ్బంది ఉంది. అది ఆయనకు చెప్పేటప్పుడు నాకే నవ్వొచ్చింది. “అన్నా, లీడర్లు వద్దంటివి. పసుపు ఏస్తే లీడరు లేకపోయినా జెండా ఉన్నట్టే గదా. నీలం, ఆకుపచ్చ కలిపినా అదే గతి.” అవతల కాసేపు చప్పుడు లేదు. “అబ్బ, నిజమే. నాకు తట్టనే లేదు” అన్నాడు. కడప జిల్లాలో కొట్టుకు రంగు ఎంచుకోవడం అంత తేలికైన పని కాదు. చివరికి తెల్లారుజాము చీకటే మమ్మల్ని కాపాడింది. అది ఆయన అడిగిందే. ముదురు గోధుమరంగులోకి దిగిన ఆకాశం, అంచున సన్నటి కాషాయపు వెలుగు, ఆ వెలుగులో లైట్లు వేసుకుని నిలబడిన లారీ నీడ. అక్షరాలు వెన్నరంగులో. ముదురు మీద లేత అక్షరం పసుపుకన్నా ఏమీ తక్కువ దూరానికి కనపడదు.

గ్లాసు ఫోటో ఆయన కొట్టులోనే తీయాలనుకున్నాం. మొదట పంపింది మధ్యాహ్నం తీసింది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన గాలిలో ఆవిరి అంతగా చల్లబడదు. టీ నాలుక కాల్చేంత వేడిగా ఉన్నా పొగ సరిగా కనిపించదు. అందుకే తెల్లవారకముందే తీయమన్నాను. ఎలా తీయాలో వాళ్ళబ్బాయికి ఫోన్‌లో చెప్పాను. గ్లాసును నాపబండ మీద పెట్టు. నాలుగడుగుల వెనక ముదురు దుప్పటి కట్టు. బల్బును గ్లాసుకు వెనక పక్కగా, దుప్పటికి ఇవతల, ఫోటోలో పడకుండా ఉంచు. ఫోను గ్లాసు ఎత్తుకే దించు, పైనుంచి తీయొద్దు. ఫ్లాష్ ఆపు. టీ పోసిన నిమిషంలోపు తియ్యి, ఆ తర్వాత పొగ పలచబడుతుంది. గ్లాసు పక్కన ఒక తెల్లకాగితం ముక్క పెట్టి ఒక ఫోటో, తీసేసి ఒక ఫోటో.

ఆ కాగితం టీ రంగు కోసం. ట్యూబులైటు కింద పాలటీ కాస్త పచ్చగా కొడుతుంది, పసుపు బల్బు కింద ఎర్రబడుతుంది. కాగితాన్ని కంప్యూటర్‌లో అసలు తెలుపుకు తెస్తే టీ దానంతటదే దారికొస్తుంది. అక్కడితో అయిపోదు. ఫ్లెక్సీ మిషను నాలుగు రంగులతో అచ్చేస్తుంది: నీలం, గులాబి, పసుపు, నలుపు. పాలటీకి పసుపు డెబ్భై పాళ్ళు, గులాబి నలభై అయిదు, నీలం ఇరవై దాకా వేస్తాను, నలుపు వేయను. నీలం కొంచెం ఎక్కువైతే టీ బురదనీళ్ళ లాగా వస్తుంది. తెరమీద చూసి తృప్తి పడితే చాలదు. అచ్చు పెట్టే చోట ఒక అడుగు ముక్క ముందుగా తీయించి, కొట్టు ముందు ఎండలో నిజమైన గ్లాసు పక్కన పట్టి చూడమన్నాను. “ఒక పిసరు ఎరుపు తక్కువ” అన్నాడు. గులాబి మూడు పాళ్ళు పెంచాను.

ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని కూడా చెప్పాల్సి వచ్చింది. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది, పొడవు వైపు దాదాపు 1600 చుక్కలే మిగులుతాయి. బ్యానర్ మీద గ్లాసు ముప్పై అంగుళాల ఎత్తు. అంటే అంగుళానికి యాభై మూడు చుక్కలు. రోడ్డు మీదినుంచి చూసేవాడికి తేడా తెలియదు గానీ, బండ మీద కూర్చుని టీ తాగేవాడికి గ్లాసు అంచు మెట్లు మెట్లుగా కనపడుతుంది. అదే ఫోటో డాక్యుమెంటుగా వస్తే పొడవు 4000 చుక్కలు, అంగుళానికి నూటముప్పై పైనే. ఫ్లెక్సీకి డెబ్భై రెండు ఉంటే చాలు.

నాయన ఫోటో దగ్గర కాస్త జాగ్రత్తగా అడిగాను. మన ఊళ్ళలో ఫ్లెక్సీ మూలన ఒక పెద్దాయన మొహం గుండ్రంగా పెడితే చూసినవాడు ముందు తేదీ కోసం వెతుకుతాడు, ఎప్పుడు పోయాడా అని. “నాయన బాగుండాడా అన్నా?” “ఈడనే ఉండాడు, పాలు కాంచుతాండాడు.” ఇక మూలన మొహం పెట్టే ప్రసక్తి లేదు. నాయన చెయ్యి పెడదామన్నాను. గ్లాసును బండ మీద ముందుకు తోస్తున్న చెయ్యి, ముంజేతి వరకు. ముసలి చెయ్యి, వేళ్ళ చివర కాలిన మచ్చలు. వాళ్ళబ్బాయి ఆ ఫోటో చాలా బాగా తీశాడు. ఊళ్ళో ఆ చెయ్యి ఎవరిదో తెలియనివాళ్ళు ఉండరు.

అసలు వాదులాట ఐటాల మీద జరిగింది. ఏడూ రాయాలన్నాడు. నేను లెక్క చెప్పాను. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. కష్టపడితే పాతిక అడుగుల నుంచి కూడా చదువుతారు. లారీ డ్రైవరు ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి కనీసం రెండువందల అడుగుల ముందే చదవాలి. గంటకు నలభై కిలోమీటర్ల మీద వస్తుంటే ఆ దూరం అయిదారు సెకన్లలో అయిపోతుంది. అంటే అక్షరం ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు. అది అక్షరం ఒళ్ళు మాత్రమే. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ‘స్టాల్’ అని రాస్తే ట ఒత్తు కిందికి దిగుతుంది, పైన పొల్లు లేస్తుంది. ఎనిమిది అంగుళాల అక్షరానికి పధ్నాలుగు అంగుళాల వరస కావాలి. బ్యానర్ ఎత్తు ముప్పై ఆరు. రెండు వరసలు, పైనా కిందా కాస్త ఖాళీ. అంతే, చోటు అయిపోయింది. కొట్టు పేరు ఒక వరస, ‘అల్లం టీ’ ఒక వరస. మిగతా ఆరూ లోపల బాయిలర్ పక్కన చిన్న బోర్డు మీద. ఆగినవాడు అక్కడ చదువుకుంటాడు.

అక్షరానికి రామభద్ర ఫాంటు వాడాను. లావుగా, దూరానికి నిలబడే అక్షరం, ఉచితంగా దొరుకుతుంది. ఆయన చీటీలోని తెలుగు యూనికోడ్. అచ్చు కొట్టులో కంప్యూటర్ పాతదైతే అక్కడ ఫైలు తెరిచినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అందుకే అక్షరాలను గీతలుగా మార్చి, మొత్తం బొమ్మను ఒకే చిత్రంగా పంపాను. తెలుగు ఫ్లెక్సీల్లో కనపడే తప్పుల్లో కొన్ని రాసినవాడివి కావు, ఇలా విడిపోయినవే.

ముదురు రంగు ఎక్కువైనందుకు ఒక హెచ్చరిక చేశాను. సిరా మందంగా పడిన ఫ్లెక్సీని చీర మడిచినట్టు మడిస్తే మడత దగ్గర తెల్లగీత పడి ఇక పోదు. చుట్టగా చుట్టి బస్సులో తేవాలి. ఇనుప చట్రానికి బిగించి కట్టాలి, వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని రింగుల దగ్గర చినుగుతుంది. కొట్టు పడమటి మొగం కాబట్టి సాయంత్రపు ఎండంతా దాని మీదే. ముందుగా వెలిసేది గులాబీ, పసుపే. పాత ఫ్లెక్సీల్లో మొహాలు నీలంగా మిగిలేది అందుకే. పాలటీలో ఎక్కువగా ఉన్నది ఆ రెండు రంగులే కనుక ఏడాది తిరిగేసరికి టీ బూడిదరంగులోకి దిగుతుంది. అప్పుడు మళ్ళీ అచ్చేయించాలి. ఫైలు దాచిపెట్టమన్నాను.

అంతా అయ్యాక చివరి బొమ్మ పంపించాను. రాత్రి కొట్టు కట్టేశాక చూసినట్టున్నాడు. పొగ బాగుందన్నాడు, నాయన చెయ్యి బాగుందన్నాడు, లారీ మనోళ్ళదే మాదిరి ఉందన్నాడు. తర్వాత ఇంకో ముక్క వచ్చింది.

“అన్నా, ఒగటి చెప్పల్ల. గ్లాసు అంచు దాకా నింపినావు. నేను అంత పొయ్యను. అది చూసి రేపు అందరూ నన్నే అడుగుతారు. ఒక ఏలెడు తగ్గించు.”

తగ్గించాను.