‘జరిగింది’ తీసేస్తే మిగిలిన అర్జీ

పోయిన వారం మా హాస్టల్ రూంలో నలుగురం కూర్చుని ఊరి వంతెన గురించి ఒక అర్జీ రాశాం. రాసింది పేజీన్నర. దిద్దాక అర పేజీ కూడా లేదు. ఆ దిద్దుడు ఎలా చేశామో చెప్తాం, మీ ఊళ్ల అర్జీలకు పనికొస్తుంది.

చిత్తుప్రతిలో ముఖ్యమైన ముక్క ఇది: “మా గ్రామ మార్గంలో చాలా పెద్దదైన, లోతైన, ప్రమాదకరమైన నీటి ప్రవాహం ఉంది. గత నెలలో భారీ, భయంకరమైన వర్షాల వల్ల పాత కర్ర వంతెన తీవ్రంగా దెబ్బతినడం జరిగింది. ఒక నిండు గర్భిణిని అత్యంత దయనీయమైన పరిస్థితిలో ఆసుపత్రికి తరలించడం జరిగింది.”

వినడానికి గట్టిగానే ఉంది. కానీ చదివే ఆఫీసరు దగ్గరకు రోజూ ఇలాంటివే వస్తాయి. అన్ని ఊళ్లలోనూ వర్షం భయంకరమే, పరిస్థితి దయనీయమే. మన ఊరు ఏదో, దాని కష్టం ఏదో ఇందులో కనబడదు.

ముందు “నీటి ప్రవాహం” పట్టుకున్నాం. ఊళ్లో అలా ఎవరంటారు? గెడ్డ అంటాం. కొండ మీంచి దిగేది, ఎండల్లో సన్నగా పారేది, వాన పడితే గంటలో మారిపోయేది, అదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆఫీసరు గోదావరి అవతలి మనిషైతే ‘వాగు’ అనే మాటే తెలుసేమో అని ఒకడికి అనుమానం. నిజమే. అందుకే మాట మార్చకుండా వాక్యంలోనే అర్థమయ్యేలా పెట్టాం: “ఊరికి రావాలంటే గెడ్డలో దిగి దాటాలి.”

తర్వాత “లోతైన”. ఎంత లోతు? మన పెద్దోళ్లు టేపు పెట్టి కొలవరు, ఒంటితో కొలుస్తారు. మోకాలిలోతు, నడుంలోతు, పీకలోతు. ‘నడుంలోతు’ అని రాశాక “చాలా”, “పెద్దదైన”, “ప్రమాదకరమైన” మూడూ వాటంతట అవే రాలిపోయాయి. నడుంలోతు నీళ్లలో మోత మోయడం ప్రమాదమని ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

వంతెన దగ్గర మాత్రం ఆగిపోయాం. “దెబ్బతినడం” బదులు ఏ మాట వేయాలి? కొట్టుకుపోయింది, కూలింది, ఒరిగింది, కుంగింది. నాలుగూ నాలుగు సంగతులు. కొట్టుకుపోతే కొత్తది కట్టాలి, కుంగితే కింద ఆనిక మార్చితే చాలొచ్చు. బరువుగా ఉందని “కొట్టుకుపోయింది” వేసేస్తే, చూడ్డానికి వచ్చినాయనకు వంతెన అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత మన మాట ఒక్కటీ నమ్మడు. సరైన మాట డిక్షనరీలో దొరికేది కాదు, ఊరికి ఫోన్ చేయాల్సిందే.

చేశాం. మావయ్య ఎత్తాడు. “కొట్టుకుపోలేదురా. అవతల గట్టు కోసుకుపోయి, ఆ పక్క కుంగిపోనాది.” వాన సంగతీ అడిగాం, ముసురా, జడివానా అని. ముసురంటే రోజుల తరబడి సన్నగా పట్టుకునేది. “ముసురేటి, ఒక్క రేత్రి జడివాన. తెల్లారేసరికి గెడ్డ పొంగిపోనాది.” ఈ తేడా చిన్నది కాదు. ఒక్క రాత్రి వానకే కుంగిందంటే వంతెన ఎంత బలహీనంగా ఉందో విశేషణం లేకుండానే తెలిసిపోతుంది.

ఇక “జరిగింది”. మనలో చాలామందికి తెలుగు ఇంట్లో కాదు, బడిలో వచ్చింది. నోటీసుల్లోనూ మీటింగుల్లోనూ ఈ మాట విని విని అదే గౌరవమైన తెలుగు అనుకుంటాం. కానీ అది పని చేసిన మనిషిని దాచేస్తుంది. “తరలించడం జరిగింది” అంటే ఎవరు తరలించారు? అంబులెన్సా? కాదు కదా, డోలీ కట్టి మనోళ్లే మోశారు. “మోశారు” అన్న వెంటనే భుజాలు కనిపిస్తాయి. “తరలించారు” అంటే బండి కనిపిస్తుంది.

అన్ని విశేషణాలూ తీసేయలేదు. వేలితో ఒక్కోటీ మూసి చదివాం. ‘దయనీయమైన’ మూస్తే ఏ సంగతీ పోలేదు, కొట్టేశాం. ‘కర్ర’ మూస్తే అది సిమెంటు వంతెనో ఏదో తెలియదు, ఉంచాం. ‘నిండు’ మూస్తే నెలలు నిండాయని తెలియదు, అదీ ఉంచాం. ‘పాత’ దగ్గర మాలో మాకు గొడవైంది. ఎప్పుడు వేసిందో మావయ్యనడిగి దాని బదులు ‘పన్నెండేళ్ల కిందట వేసిన’ అని రాశాం. మాటలు పెరిగాయి, పర్లేదు. ‘పాత’ మన అభిప్రాయం, పన్నెండేళ్లు లెక్క.

చివరికి ఇలా తేలింది: “ఊరికి రావాలంటే గెడ్డలో దిగి దాటాలి. పన్నెండేళ్ల కిందట వేసిన కర్ర వంతెన, గత నెలలో ఒక్క రాత్రి జడివానకు గట్టు కోసుకుపోయి అవతలి వైపు కుంగింది. దాని మీద నడవలేం. మర్నాడు నిండు గర్భిణిని నలుగురు డోలీలో నడుంలోతు నీళ్లలోంచి మోశారు.”

కింద తేదీ, ఊరి పేరు రాశాం. మోసిన నలుగురి సంతకాలు పెట్టించడానికి శనివారం ఒకడు ఊరెళ్తున్నాడు.