ప్రార్థనలో నేను మార్చి చెప్పిన ప్రసంగం

ఇది నేను పదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. మన పిల్లలు ఎవరైనా స్కూల్లో ఇలాంటి ప్రసంగం చెప్పాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నా.

2022 ఏప్రిల్ రెండో వారం. మాది మన్యంలో ఆశ్రమ పాఠశాల. ఆదివారం శ్రీరామనవమి అయిపోయింది. శుక్రవారం గుడ్ ఫ్రైడే, ఆ తర్వాతి ఆదివారం ఈస్టర్. రంజాన్ ఉపవాసాలు కూడా నడుస్తున్నాయి. బుధవారం ప్రార్థనలో ‘మతాల మధ్య గౌరవం’ మీద మాట్లాడమని తెలుగు సారు నాకు రెండు పేజీలు రాసిచ్చారు. అన్ని మతాలూ ఒక్కటే, అందరం కలిసి ఒకే కంచంలో తింటాం అని ఉంది అందులో. నేను బట్టీ పట్టేశా.

ముందురోజు రాత్రి హాస్టల్ వరండాలో మా చిన్నాన్న కొడుక్కి అప్పజెప్పా. వాడూ నా క్లాసే. మొత్తం విని, "ఒకే కంచమా? పోయినేడు ఇటుకల పండక్కి నేను మీ ఇంట్లో మాంసం తిన్లేదని నువ్వు నాతో వారం రోజులు మాట్లాడావేటిరా?" అన్నాడు. కాసేపాగి, "అయినా ఇందులో ఇటుకల పండగే లేదు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇటుకల పండగ తెలియని వాళ్లకి కొంచెం చెప్తా. చైత్రంలో విత్తులు చల్లే ముందు చేసుకునే పండగ. మా ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు చోళ్లు, సామలు, వలిసెలు తెచ్చి శంకుదేవుడి దగ్గర కలుపుతారు. పూజయ్యాక ఆ కలిపిన విత్తులు మళ్లీ ఇంటింటికీ పంచుతారు. అంటే నా పొలంలో పడే గింజల్లో నీ ఇంటి గింజ కూడా ఉంటుంది. మగాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ల దగ్గర డబ్బులు అడుగుతారు.

మా చిన్నాన్న వాళ్లతో కలిపి మూడిళ్లు క్రైస్తవంలోకి వెళ్లాయి. ఆ ఏడు వాళ్లు విత్తులు ఇవ్వలేదు, చందా ఇవ్వలేదు. పూజకిచ్చిన మాంసం తినం అన్నారు. ఊరు ఊరంతా కోపమైపోయింది. మా నాన్నయితే, "గింజ కలపనోడు ఊళ్లో ఎలాగుంటాడు" అన్నాడు. రెండు రాత్రులు పెద్దలు కూర్చున్నారు. చివరికి తెగిందేటంటే, పూజ చందా వాళ్లని అడగకూడదు. దారి బాగుచేయడం, వంటకి కట్టెలు తేవడం ఊరి పని కాబట్టి అది వాళ్లూ చేయాలి. వాళ్ల కోసం పూజకి ముందే రెండు కోళ్లు విడిగా కోసి, వేరే కుండలో వండాలి. విత్తుల మాట మాత్రం తెగలేదు. ఇప్పటికీ తెగలేదు.

ఆ రాత్రి ఇదంతా తలుచుకుంటే నాకొకటి తట్టింది. మా ఊరు విడిపోకుండా ఆపింది ‘అందరం ఒక్కటే’ అన్న మాట కాదు, ఆ రెండో కుండ. వాడు ఏది తినలేడో తెలుసుకుని, అది తప్పని అనకుండా, వాడికీ బంతిలో చోటు ఉంచడం.

పొద్దున్న మైకు ముందు సారు రాసిన మొదటి పేరా చెప్పి ఆగిపోయా. వెనక ఎవరో నవ్వారు. కాళ్లు వణికాయి. ఇక కాగితం మడిచేసి ఆ రెండు కుండల సంగతి చెప్పా. మా లెక్కల సారు గురించి కూడా చెప్పా. ఆయన ఉపవాసంతోనే మాకు స్టడీ అవర్ చెప్పేవారు. మేం నీళ్ల సీసాలు బెంచీ కింద దాచి తాగుతుంటే చూసి, "దాచకండిరా, తాగండి. మీరు తాగితే నా ఉపవాసం పోదు" అన్నారు. ఆయన మమ్మల్ని ఉపవాసం ఉండమనలేదు, మేం ఆయన్ని తాగమనలేదు. తరగతి మాత్రం నడిచింది.

చప్పట్లు పెద్దగా రాలేదు. తెలుగు సారు, "నేను రాసిందేంటి, నువ్వు చెప్పిందేంటి" అని కోప్పడ్డారు. మరి ఇటుకల పండగ ఎందుకు రాయలేదు సార్ అని అడిగితే, "అది వేట కదరా, మతమా?" అన్నారు. అది విత్తుల పండగ సార్ అన్నా. ఆయన మాట్లాడలేదు. లెక్కల సారు మాత్రం మధ్యాహ్నం పిలిచి, కలిపిన విత్తులు ఎవరు పంచుతారు, ఎంతెంత పంచుతారు అని అడిగి తెలుసుకున్నారు. మన పండగ గురించి నన్ను అలా అడిగిన మొదటి టీచర్ ఆయనే.

మా చిన్నాన్న కొడుకు సాయంత్రం అన్నం దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. ప్రసంగం మాట ఎత్తలేదు. "ఈస్టర్‌కి ఇంటికి రా. ప్రార్థన అయ్యాకే రా, తిందాం" అన్నాడు. వెళ్లా.

మీ ఊళ్లలోనూ ఇలా సగం ఇళ్లు అటు, సగం ఇటు అయి ఉంటాయి. విత్తులు కలిపే దగ్గర మీ పెద్దలు ఏం చేశారో కింద రాయండి. మా నాన్న, చిన్నాన్న అక్కడే ఆగిపోయి ఉన్నారు.