ఐదుని ఎనిమిదితో భాగిస్తే

సెటిల్‌మెంట్ లెటర్‌ని చివరి అంకె నుంచి వెనక్కి చదవడం నాకు డీబగ్గింగ్ వల్ల వచ్చిన అలవాటు. నాన్నకి గాల్‌బ్లాడర్ తీసేశాక వచ్చిన లెటర్‌లో ఆ చివరి అంకె 96,250. హాస్పిటల్ బిల్లేమో 1,76,000.

కొన్ని కోతలు వెంటనే అర్థమయ్యాయి. డిడక్టిబుల్ పది వేలు, అది మేం పెట్టుకోవాల్సిందే. నాన్-పేయబుల్ కింద ఆరు వేలు. ఇందులో దూది, గాజుగుడ్డ లాంటివి ఆపరేషన్ ఛార్జీల్లోనే కలిసిపోవాలని ఐఆర్‌డీఏఐ జాబితా చెబుతుంది. హాస్పిటల్ వాటికి విడిగా బిల్లు వేయకూడదు. కాబట్టి ఆ పేచీ హాస్పిటల్‌తో, ఇన్సూరెన్స్ వాళ్లతో కాదు.

అసలు గాయం ‘ప్రపోర్షనేట్ డిడక్షన్’ అనే ఒక్క లైన్‌లో ఉంది: 63,750.

పాలసీ మొత్తం ఐదు లక్షలు, గది అద్దెకి సబ్-లిమిట్ అందులో ఒక శాతం, అంటే రోజుకి 5,000. మేం తీసుకున్న గది 8,000. షేరింగ్ గదులు ఖాళీ లేవు. నాలుగు రోజులకి మూడేసి వేల చొప్పున పన్నెండు వేలే కదా పోయేది అనుకుంటారు ఎవరైనా. కానీ గది మారితే సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ రేట్లు కూడా మారతాయి కాబట్టి, వాటినీ అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకి, తగ్గిస్తారు. మా బిల్లులో అవి 80,000. ఇచ్చేది 50,000. ఇంతవరకూ కోత 42,000.

మరి మిగతా 21,750?

మందులు, కన్జ్యూమబుల్స్ 40,000, టెస్టులు 18,000. మొత్తం 58,000లో ఎనిమిదింట మూడు వంతులు సరిగ్గా 21,750. దొరికింది! నాన్-పేయబుల్స్ పోగా మిగిలిన మొత్తం బిల్లుని ఎవరో ఒకే గుణకారంతో కొట్టేశారు. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులకి ఈ కోత పెట్టకూడదని 2020లోనే ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఐసీయూ ఛార్జీలకీ వర్తించదు. యాంటీబయాటిక్‌కి మనం ఏ గదిలో పడుకున్నామో తెలియదు కదా.

“పోనీలేరా, వచ్చిందే చాలు” అన్నాడు నాన్న. ఆ మాట మీదే ఇలాంటి లెటర్లు బతుకుతాయని నా అనుమానం.

గ్రీవెన్స్ మెయిల్‌లో పాలసీ క్లాజు, బిల్లులో ఆ రెండు హెడ్‌లు, ఆ ఒక్క గుణకారం మాత్రమే పెట్టాను. హాస్పిటల్ నుంచి గదుల వారీ టారిఫ్ షీటు కూడా అడిగి తెచ్చాను. అన్ని గదులకీ ఒకే రేటుంటే సర్జన్ ఫీజు మీద కోత కూడా చెల్లదు. షీట్‌లో మాత్రం సర్జన్, థియేటర్, నర్సింగ్ రేట్లు గదిని బట్టి మారుతూనే ఉన్నాయి. అందుకని ఆ ముప్ఫై వేలూ అడగలేదు. మూడు వారాలకి 21,750 నాన్న అకౌంట్‌లో పడింది. దూది, గాజుగుడ్డ డబ్బుల కోసం హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌కి ఇంకా తిరుగుతున్నాను.