చెవికి చాలే సీరియల్

వంట చేస్తూనో, ఆరిన బట్టలు మడతపెడుతూనో, ఆఫీసు పని చేసుకుంటూనో పక్కన ఏదో ఒక సీరియల్ నడుస్తుండాలనిపించడం ప్రవాసంలో చాలామందికి అలవాటైపోయింది. మా కుసుమంచిలో ఆ అవసరం అంతగా పడదు. సూర్యాపేట–ఖమ్మం రోడ్డు మీద బస్సుల హారన్లు, గుడి మైకు, గోడ అవతల నుంచి పక్కింటివాళ్ళ పిలుపులు, ఇవన్నీ కలిసి ఇంటిని ఎప్పుడూ నిండుగానే ఉంచుతాయి. డల్లాస్ శివార్లలో కిటికీలు మూసి ఏసీ వేసుకున్న ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఆ వెలితిని మనుషుల మాటలతో నింపుకోవాలనుకోవడం సహజం. అయితే ఎంపిక దగ్గర చాలామంది పొరపాటు పడుతున్నారని నాకనిపిస్తుంది. ‘పెద్దగా బుర్ర పెట్టక్కర్లేనిది ఏదైనా సరే’ అనుకుని పెట్టేస్తారు. కథ తేలిగ్గా ఉన్నంత మాత్రాన అది పని మధ్యలో పెట్టుకోవడానికి కుదురుతుందని లేదు. చేతిలో ఉన్న పని కళ్ళను తీసుకుంటుందా, చెవుల్ని తీసుకుంటుందా, లేక లోపల మాటలు కూర్చుకునే శక్తిని తీసుకుంటుందా అన్నది ముందు చూసుకోవాలి. మిగిలిన దానికి సరిపడే సీరియల్‌ని ఆ తర్వాత వెతుక్కోవాలి.

పని చేసుకుంటూ వినే కథ కొత్తదేమీ కాదు. అమెరికాలో రేడియో ధారావాహికలు 1930లో ఇర్నా ఫిలిప్స్ రాసిన ‘పెయింటెడ్ డ్రీమ్స్’ లాంటివాటితో మొదలైనప్పుడు వాటి శ్రోతలు పగటిపూట ఇంటి పనుల్లో ఉన్న ఆడవాళ్ళే. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టింది అందుకే, వాటికి సోప్ ఒపేరాలన్న పేరు వచ్చిందీ అందుకే. జరిగిందే మళ్ళీ చెప్పుకోవడం, ఒక సంగతి నలుగురి నోట నలుగుతూ రావడం ఆ రూపంలోనే ఉన్నాయి. పని మధ్యలో పది నిమిషాలు అవతలికి వెళ్ళొచ్చినా కథ అందాలన్నది లెక్క. ఆగుతూ సాగే ఇంటి పనికీ, ఆగుతూ సాగే ఈ కథకూ లయ ఒకటేనని విమర్శకురాలు టానియా మోడ్లెస్కీ 1980ల్లోనే వివరించింది. ఖమ్మం ప్రాంతంలో మిర్చి సీజన్‌లో అరుగు మీద కూర్చుని తొడిమలు తీసేవాళ్ళకు ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్తగూడెం ఆకాశవాణి అయినా, నడింట్లో టీవీ అయినా చెవి అటు, చేయి ఇటు. ఈ మధ్య స్ట్రీమింగ్ కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. టీవీ పక్కన పెట్టుకుని వేరే పని చేసుకునేవాళ్ళకు అర్థమయ్యేలా పాత్ర తను చేస్తున్న పనిని పైకి చెప్పాలని రచయితలకు సూచనలు వస్తున్నాయని 2024 చివర్లో అమెరికన్ పత్రిక ‘ఎన్ ప్లస్ వన్’లో విల్ టావ్లిన్ రాశాడు. దీన్ని కళ దిగజారుడని చాలామంది అన్నారు. చూడటానికి తీసిన సినిమా అలా మాట్లాడితే దిగజారుడే. వినడానికే కట్టిన కథలో మాత్రం అది పనితనం. తెలుగులో ఆ పనితనం పాతికేళ్ళ కిందటే ఉంది.

నేను చెబుతున్నది ‘అమృతం’ గురించి. గుణ్ణం గంగరాజు సంస్థ జస్ట్ ఎల్లో తీసిన ఆ హాస్య ధారావాహిక 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చింది. 313 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు ఇరవై నిమిషాలు. నాణ్యత సంగతి అటుంచి, నేపథ్యంలో పెట్టుకోవడానికి అది ఎందుకు కుదురుతుందో విడదీసి చూద్దాం. ముందు గొంతులు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గొంతు, అప్పాజీగా శివన్నారాయణ గొంతు, సర్వంగా వాసు ఇంటూరి గొంతు, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఇంకొకటిగా పొరబడేది కాదు. స్టవ్ వైపు తిరిగి ఉన్నా మాట్లాడుతున్నది ఎవరో తెలిసిపోతుంది. రెండోది, హాస్యమంతా మాటలోనే ఉంది. ముఖకవళికలు చూస్తే ఇంకాస్త బాగుంటుంది, చూడకపోయినా పోయేది తక్కువ. మూడోది, ఒక చిక్కు మొదలైతే ఒకటి రెండు ఎపిసోడ్లలో తేలిపోతుంది, కథ జరిగే హోటలూ రెండిళ్ళూ మాత్రం అక్కడే ఉంటాయి. ఈ చట్రం ఎంత గట్టిదో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. కథానాయకుడే మారిపోయినా ప్రేక్షకులు వెళ్ళిపోలేదు. నడిమధ్యలో ఏ ఎపిసోడ్ పెట్టినా నష్టం లేని సీరియల్‌కి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పైగా చాలామందికి ఇది ముందే తెలిసిన కథ. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం లేకపోవడం వల్ల చెవి దాన్ని పట్టుకుని వేలాడదు. కూర వైపు మనసు పోయినప్పుడు వదిలేస్తుంది, తీరిక దొరికినప్పుడు మళ్ళీ అందుకుంటుంది.

డైలీ సీరియల్ ఇంకా నెమ్మది కదా, వారం రోజులు చూడకపోయినా కథ కదలదు కదా, అది ఇంకా మంచిది కాదా అని అడగవచ్చు. స్టవ్ దగ్గర కాదనే నా సమాధానం. అక్కడ కథ నెమ్మదే, చెప్పే తీరు మాత్రం కంటికోసం. ఒక మాట అనగానే గదిలో ఉన్న అందరి ముఖాలూ వరుసగా దగ్గర నుంచి చూపిస్తారు, వెనక ఉరుము లాంటి సంగీతం. ఆ అరనిమిషం మాటలు ఉండవు. చెవికి ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో తెలియదు. దాంతో తల దానంతట అదే తెర వైపు తిరుగుతుంది. పోపులో వెల్లుల్లి ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య ఉన్నది సరిగ్గా ఆ అరనిమిషమే. అదే సీరియల్ బట్టలు మడతపెట్టేటప్పుడు హాయిగా సరిపోతుంది. చొక్కా మడతకు కళ్ళు అక్కర్లేదు, చేతులకు దారి తెలుసు, తల ఎత్తి చూసినా మునిగిపోయేదేమీ లేదు. మంజులా నాయుడు ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ అలాంటి పనికి ఇంకా బాగుంటాయి, ఎందుకంటే వాటిలో మనుషులు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాలు ఎక్కువ. ఇక కొరియన్ డ్రామాలు, స్పానిష్ థ్రిల్లర్లు ఎంత తేలికపాటివైనా డబ్బింగ్ లేకుండా పెట్టుకుంటే సబ్‌టైటిల్స్ చదవాల్సిందే కాబట్టి చేతిలో పని ఉన్నప్పుడు కుదరవు. కొత్త సీరియల్ పనికొస్తుందో లేదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. తెరకు వీపు పెట్టి ఐదు నిమిషాలు వినండి. ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పగలిగితే వంటింటికి పనికొస్తుంది. మూడుసార్లు వెనక్కి తిరగాల్సి వస్తే దాన్ని బట్టల బుట్ట దగ్గరికి పంపాలి.

వంటలో ఇంకో చిక్కు ఉంది. మన వంట సగం చెవితోనే సాగుతుంది. ఆవాలు చిటపటలాడటం ఆగిందా, కుక్కర్ ఎన్నో విజిల్, పులుసు కుతకుత మారిందా, ఇవన్నీ వినాలి. అందుకే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వండటం నాకు నచ్చదు, సీరియల్ గదిలో ఓ మూల నుంచి చిన్నగా వినపడాలి. విజిళ్ళ లెక్క మాత్రం అప్పటికీ తప్పుతుంది, దానికి కారణం ఉంది. వరుసగా అక్షరాల్ని మనసులో పట్టి ఉంచుకునే పనిని పక్కన వినపడే మాటలు చెడగొడతాయని 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు చూపించారు. వాళ్ళు ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థులకు వినిపించింది తెలియని జర్మన్ భాష, అయినా తప్పులు పెరిగాయి. కాస్త వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుందా అంటే, తర్వాతి ప్రయోగాల్లో గొంతు మెల్లగా ఉన్నా పెద్దగా ఉన్నా ఆ నష్టం దాదాపు మారలేదు. అక్షరాలైనా అంకెలైనా లోపల మనం వాటిని మాటలుగానే తిప్పుకుంటూ ఉంటాం, బయటి మాట ఆ దారిలోకే వచ్చి చేరుతుంది. కాబట్టి విజిళ్ళను మనసులో లెక్కపెట్టకుండా గట్టు మీద ఒక్కో విజిల్‌కి ఒక్కో శనగగింజ పెట్టుకోవడమో, ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడమో మేలు.

ఆఫీసు పని దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం గట్టిది. రాసే పనికీ, చదివి అర్థం చేసుకునే పనికీ ఏ సీరియల్ వద్దు. అందులోనూ తెలుగు సీరియల్ అసలే వద్దు. చదువుతున్నప్పుడు అర్థమయ్యే మాట అర్థం కానిదానికన్నా ఎక్కువ అడ్డం పడుతుందని 1980ల నాటి ప్రయోగాలే చెబుతున్నాయి. మాతృభాష చెవిన పడితే అర్థం కాకుండా పూర్తిగా ఆపే తలుపు మనకు లేదు. కొలిన్ చెర్రీ 1953లో, నెవిల్ మోరే 1959లో చేసిన ప్రయోగాల్లో ఒక చెవిలోని మాటల మీదే దృష్టి పెట్టినవాళ్ళకు రెండో చెవిలో ఏం వినిపించిందో దాదాపు తెలియలేదు. కానీ మోరే ప్రయోగంలో ఆ రెండో చెవిలో తమ పేరు వినిపిస్తే మాత్రం మూడోవంతు మంది గుర్తుపట్టారు. పరాయి దేశంలో ఉన్నవాడికి తెలుగు మాటలన్నీ ఆ పేరు లాంటివే. పదేళ్ళుగా ఇలాగే పని చేస్తున్నా, నాకేం తేడా లేదు అనేవాళ్ళున్నారు. వాళ్ళ అనుభవాన్ని నేను కొట్టిపారేయను. తెలిసిన ఫైళ్ళను సర్దడం, ఫోటోలు వేరు చేయడం లాంటి పనికి నిజంగానే తేడా ఉండకపోవచ్చు. అదే మనిషి ఒక పేజీ ఉత్తరాన్ని సీరియల్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి రాసి, రెండింటినీ మర్నాడు చదివి చూస్తే చాలు. ఒకే వాక్యం రెండుసార్లు మొదలైన చోట్లు, సగంలో వదిలేసిన మాటలు కనపడతాయి.

సీరియల్ బదులు రేడియో, పాడ్‌కాస్ట్ ఉన్నాయి కదా అనే మాటలో న్యాయం ఉంది. పాట బాగుంటుంది, కానీ అది సంభాషణ కాదు, మనం వెతుక్కుంటున్నది నలుగురి అలికిడి. పాడ్‌కాస్ట్‌లో వాదన సాగుతుంది, రెండు నిమిషాలు వదిలేస్తే తెగిపోతుంది. ఇల్లంతా తిరుగుతూ పని చేసేటప్పుడు తెగినా అతుక్కునేది సీరియలే.

చివరిగా ఒక మాట, దీని మీదే నాకు ఎక్కువ పట్టింపు. ‘పిల్లలకు తెలుగు వంటబడుతుందని రోజంతా తెలుగు సీరియల్ పెట్టి ఉంచుతాం’ అని ప్రవాసంలో తరచూ వినపడుతుంది. 2003లో పట్రీషియా కుల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పసిపిల్లలకు చైనా వాళ్ళ మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర పిల్లలు ఆ భాష ధ్వనుల్ని పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో చూసినవాళ్ళు, శబ్దం మాత్రమే విన్నవాళ్ళు పట్టుకోలేదు. ఇక పక్కన టీవీ నడుస్తుంటే తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడటం తగ్గుతుందని, మాట్లాడినా ధ్యాస పలచబడుతుందని 2009లో హెదర్ కిర్కోరియన్ తదితరులు చూపించారు. అంటే తెలుగు కోసం పెట్టిన సీరియల్ ఇంట్లో అసలు తెలుగు మాట్లాడే మనిషి నోటినే కట్టేస్తోంది. పసివాళ్ళు వంటింట్లో కాళ్ళకు అడ్డం పడుతున్న గంటలో ‘అమృతం’ అయినా సరే ఆపి, బెండకాయలు తరుగుతూ వాళ్ళతో మనమే మాట్లాడాలి. ఆంజనేయులు వాళ్ళు నిద్రపోయాక, బట్టలు మడతపెట్టే వేళకు వస్తాడు.