టోల్ తప్పిద్దామా, గుంటలు తప్పిద్దామా?

కారు నడిపేది ఎవరైనా, ఫోన్ పట్టుకుని పక్క సీట్లో కూర్చుని "ముందు ఎడమకి తిరగాలిట" అని చెప్పే పని చాలా ఇళ్ళల్లో మనదే. ఆ ఫోన్‌లోని మ్యాప్‌కి టోల్ గేట్లు వద్దు, హైవే వద్దు అని ముందే చెప్పుకోవచ్చని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయితే ఒకటి వద్దంటే దాని బదులు ఏది నెత్తిన పడుతుందో మాత్రం మ్యాప్ చెప్పదు. మొన్న సంక్రాంతికి అమ్మని ఊరు తీసుకెళ్ళేటప్పుడు ఈ లెక్కంతా తీరిగ్గా కూర్చుని చూసుకోవాల్సి వచ్చింది.

అమ్మకి నడుము ఆపరేషన్ అయి అప్పటికి మూడు నెలలు. డాక్టరుగారు ప్రయాణం చెయ్యొచ్చన్నారు కానీ, కుదుపులు పనికిరావనీ, గంటకోసారి దింపి నాలుగడుగులు వేయించమనీ గట్టిగా చెప్పారు. మేముండేది హైదరాబాద్‌లో. అమ్మ ఊరు కోనసీమలో, అంబాజీపేట దాటాక లోపలికి ఉంటుంది. 400 కిలోమీటర్ల పైచిలుకు దారి.

విజయవాడ చేరేలోపే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు టోల్ గేట్లు. ఆ తర్వాత ఏలూరు వైపు మళ్ళీ టోల్. "పండగ రద్దీలో గేట్ల దగ్గర నిలబడే బదులు పల్లెల మీదుగా పోదాం, డబ్బులూ మిగుల్తాయి" అన్నారు మా ఆయన. సరే చూద్దామని ఫోన్ తీశాను.

గూగుల్ మ్యాప్స్‌లో ఊరి పేరు కొట్టి దారి అడిగాక, పైన మూడు చుక్కలు నొక్కితే Options అని వస్తుంది. అందులో Avoid tolls, Avoid highways, Avoid ferries అని ఉంటాయి. మొదటిది పెట్టి చూశాను. దారి హైవే దిగి, పక్క ఊళ్ళ మీదుగా చుట్టి, గేటు దాటాక మళ్ళీ హైవే ఎక్కింది. ప్రతి గేటు దగ్గరా ఇదే తంతు. రెండోది కూడా పెడితే అసలు హైవే మొహమే చూడనివ్వలేదు. ఆ దారిలో ప్రతి ఊరి మొదట్లో, చివర్లో స్పీడు బ్రేకర్లుంటాయి, గుంటలుంటాయి. అవేవీ మ్యాప్‌లో కనపడవు. మ్యాప్‌కి తెలిసింది దూరం, టైము, టోల్. అమ్మ నడుముకి కావలసింది నున్నటి రోడ్డు. "టోల్‌కి ఇచ్చే డబ్బు అమ్మ మందుల ఖర్చులో వేసుకుందాం" అన్నాను. మా ఆయన ఇంక మాట్లాడలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ వద్దులు ప్రయాణం మొత్తానికీ ఒకేలా పనిచేస్తాయి. విజయవాడ దాకా టోల్ ఉన్నా పర్వాలేదు, ఆ తర్వాత వద్దు అని ఒక్కసారే చెప్పలేం. అందుకే దారిని రెండు ముక్కలు చేశాను. ఇంటి నుంచి రావులపాలెం దాకా ఒకటి, ఏ వద్దులూ లేకుండా. రావులపాలెం నుంచి ఇంటి దాకా ఇంకోటి. మొదటి ముక్కలో చూసుకోవాల్సింది పెద్దగా లేదు. తిప్పలన్నీ రెండో దాంట్లోనే.

ఎందుకంటే కోనసీమలో మా భయం టోల్ కాదు, ఇరుకు దారి. కాలవ గట్ల మీద రోడ్లు, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కొబ్బరితోట. అంతకు ముందు ఏడాది మా మరిది రాత్రి పూట ఇలాగే వస్తుంటే, ఫోన్‌లో వేరే ఏదో యాప్ నాలుగు నిమిషాలు కలిసొస్తుందని గట్టు మీదికి తిప్పింది. ఎదురుగా ట్రాక్టరు. పక్కకి తప్పుకోవడానికి జాగా లేదు. చీకట్లో అర కిలోమీటరు వెనక్కి నడిపించాడు కారుని, తోటికోడలు దిగి టార్చి పట్టుకుని ముందు నడుస్తుంటే. "వదినా, ఆ నాలుగు నిమిషాలకి నలభై నిమిషాలు పట్టింది" అన్నాడు ఇంటికొచ్చాక.

మరి ఇరుకు దారి వద్దని చెప్పే మీట ఉందా అంటే, గూగుల్ మ్యాప్స్ Optionsలో అలాంటిది లేదు. 2024లో హైదరాబాద్‌తో కలిపి మన దేశంలో ఎనిమిది నగరాల్లో ఇరుకు రోడ్లని కార్లకి వీలైనంతవరకు తప్పించే ఏర్పాటు తెచ్చారు. అది నగరాలకి తెచ్చింది, దాన్ని నమ్ముకుని కాలవ గట్టు ఎక్కలేం. OsmAnd అనే ఇంకో మ్యాప్ యాప్‌లో మన బండి వెడల్పు రాసుకునే వీలుంది. కానీ ఫలానా రోడ్డు ఇంత వెడల్పుకే సరిపోతుందని ఎవరైనా ముందుగా ఆ మ్యాప్‌లో నమోదు చేసి ఉంటేనే అది అడ్డం చెబుతుంది. పల్లె రోడ్లకి ఆ నమోదు అరుదు.

ఇంకో మాట. మ్యాప్ పైన కారు బొమ్మ ఉందా, బైకు బొమ్మ ఉందా చూసుకోండి. రోజూ స్కూటీ మీద తిరిగే పిల్లల ఫోన్లలో బైకు బొమ్మే ఉండిపోతుంది. అది స్కూటీ దూరే సందుల్లోంచి దారి చూపిస్తుంది.

కాబట్టి ఇరుకు తప్పించే పని మనమే చెయ్యాలి. నేను చేసింది ఇది. రావులపాలెం నుంచి ఊరికి దారి అడిగితే రెండు వచ్చాయి. ఒకటి కొత్తపేట, అంబాజీపేట మీదుగా వెళ్ళే బస్సు రోడ్డు. ఇంకోటి మధ్యలో గట్టెక్కి అడ్డంగా పోయేది, ఆరు నిమిషాలు తక్కువ. మా అమ్మాయి కంప్యూటర్‌లో అదే మ్యాప్ తీసి, పైనుంచి తీసిన ఫోటోలా కనపడే Satellite పెట్టి, గట్టు రోడ్డు అంచు మీద మౌస్ కుడి మీట నొక్కితే Measure distance అని వచ్చింది. అవతలి అంచు మీద ఇంకో నొక్కు నొక్కితే మూడు మీటర్లకి కాస్త అటూ ఇటూగా చూపించింది. మా చిన్న కారు వెడల్పే 1.7 మీటర్లు, అద్దాలు కాకుండా. రెండు కార్లు పక్కపక్కన పెడితేనే 3.4. అంటే ఎదురుగా ఏదొచ్చినా ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. మామూలుగా ఒక్క వరస పల్లె రోడ్డు 3.75 మీటర్లుంటుంది. అందులో కూడా ఒక బండి చక్రం మట్టిలోకి దింపితేనే ఇంకోటి పోతుంది.

ఈ కొలత అర మీటరు తేడాగా ఉండొచ్చు. పైగా కొబ్బరి మట్టలు కప్పేసిన చోట రోడ్డే కనపడదు. అలాంటి చోట్ల ఊళ్ళో వాళ్ళని అడగడమే. "రోడ్డు బావుందా" అని అడిగితే అందరూ బ్రహ్మాండంగా ఉందనే అంటారు. "స్కూలు బస్సు వస్తుందా" అని అడగాలి. పెదనాన్నకి ఫోన్ చేస్తే, "గట్టు మీంచి బస్సు రాదమ్మా, చుట్టూ తిరిగి సెంటర్లోంచే వస్తుంది" అన్నాడు. అంతే, గట్టు దారి కొట్టేశాను. అంబాజీపేట సెంటర్‌ని ఒక మజిలీగా, మా వీధి మొగని ఇంకో మజిలీగా ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను. ఒక్కో మజిలీకి విడిగా దారి అడిగితే అడ్డదారి పట్టించే అవకాశం తగ్గుతుంది.

గోదావరి దాటి వెళ్ళేవాళ్ళు Avoid ferries సంగతి కూడా చూసుకోండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు నడుస్తుంది. మ్యాప్‌కి అది దగ్గర దారే. వరదలప్పుడు పంటు ఆపేస్తారు. అది పెట్టుకుంటే చించినాడ వంతెన మీదుగా చూపిస్తుంది.

ఇక నెట్ లేనప్పటి మాట. పండగ నాలుగు రోజులూ ఊళ్ళో నెట్ నత్తనడక. తోటల్లోకి వెళ్తే అదీ ఉండదు. ఫోన్ తాను ఎక్కడుందో నెట్ లేకపోయినా ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది. మ్యాపే ముందుగా దింపుకుని ఉండాలి. మన ఫోటో గుర్తు నొక్కి, Offline maps, అందులో Select your own map అంటే ఒక చట్రం వస్తుంది. దారంతా ఆ చట్రంలో పడాలి, మధ్యలో ముక్క మిగిలితే దారి చూపించదు. నేను హైదరాబాద్ నుంచి సూర్యాపేట, అక్కణ్ణుంచి ఏలూరు, తర్వాత కోనసీమ అని మూడు ముక్కలు, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేలా దింపి, వాటికి ఆ పేర్లే పెట్టాను.

దింపుకున్న మ్యాప్ శాశ్వతం కాదు, దానికో గడువు తేదీ ఉంటుంది. గడువు పదిహేను రోజుల్లోకి వచ్చాక వైఫై దొరికితే దానంతటదే కొత్తది తెచ్చుకోవడానికి చూస్తుంది. వైఫై లేని ఇళ్ళల్లో చిక్కంతా ఇక్కడే. Download preferences అన్న చోట వైఫైలోనే అని ఉంటే, మొబైల్ డేటా ఎంతున్నా అది కదలదు. అక్కడ మొబైల్ నెట్‌వర్క్ కూడా కలపాలి, లేదా బయల్దేరే ముందు రోజు మ్యాప్ పక్కన మూడు చుక్కలు నొక్కి Update మనమే నొక్కాలి. మా కారు తెరలో వచ్చిన మ్యాప్ 2018 నాటిది. విజయవాడలో 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ దానికి తెలీదు. మేము ఫ్లైఓవర్ మీద పోతుంటే, దాని లెక్కలో కింద రోడ్డు మీద ఉన్నట్టే. అందుకే ఆ తెరని దారి కోసం వాడం.

నెట్ లేకపోతే ట్రాఫిక్ కనపడదు, ఇంకో దారి చూపించదు, నడిచి వెళ్ళే దారి కూడా ఇవ్వదు. కారు దారి ఒక్కటే. అందుకని ముందు రోజు రాత్రి ఇంట్లోనే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మజిలీ మజిలీకి దారి అడిగి చూశాను. బస్సు రోడ్డు మీదుగానే వచ్చింది. గట్టు మీదుగా వచ్చి ఉంటే, మజిలీ ఇంకోటి కలపడానికి ఇంకా టైముంది.

దారిలో ఆరుసార్లు దిగాం. టోల్ గేట్ల దగ్గర కాసేపు ఆగినా, అమ్మకి నొప్పి రాలేదు. సాయంత్రం వెలుగుండగానే వీధి మొగలో దించాం.

తిరిగొచ్చాక మరిది ఫోన్ తీసి చూస్తే, Settingsలో Navigation కింద Avoid tolls ఇంకా పెట్టే ఉంది, ఎప్పుడో పెట్టింది. మనం తీసేదాకా అది అలాగే ఉంటుంది. బయల్దేరే ప్రతిసారీ, కారులో ఎవరు కూర్చుంటున్నారో చూసుకుని, ఆ మీటలన్నీ ఒకసారి చూడండి.